ఎగుడుదిగుడు పన్నులకు చెల్లించే మూల్యం

బడ్జెట్ లోటు పెరిగిన ప్రతిసారీ ఒక వాదన ముందుకు వస్తుంది. ఈ ఏటి ఖర్చును ఈ ఏటి రాబడితోనే భరించాలి, అప్పు చేయడమంటే రేపటి మీదకు నెట్టడమే అని. వినడానికి ఇందులో నిజాయితీ కనిపిస్తుంది. కానీ ఆచరణలో దీని అర్థం వేరు. మాంద్యం వచ్చి జనం ఆదాయాలు పడిపోయిన ఏడాదే రాబడి కూడా పడిపోతుంది. లెక్క సరిపోవాలంటే ఆ ఏడాదే పన్ను రేటు పెంచాలి. యుద్ధమో మహమ్మారో వస్తే ఒక్కసారిగా రెండింతలు, మూడింతలు చేయాలి. గండం గడవగానే మళ్లీ తగ్గించాలి. ఈ పద్ధతితో మేము ఏకీభవించలేం. మా అభ్యంతరానికి కారణం దయ కాదు, లెక్క.

పన్ను వల్ల సమాజానికి కలిగే నష్టం, ఖజానాకు చేరిన సొమ్ము కాదు. ఆ సొమ్ము ఒక చేతి నుంచి మరో చేతికి మారింది, అంతే. అసలు నష్టం జరగకుండా ఆగిపోయిన పనుల్లో ఉంది. ఒక వడ్రంగి 95కి పని చేయడానికి సిద్ధం, చేయించుకునేవాడు 100 ఇవ్వడానికి సిద్ధం. ఈ బేరంలో ఇద్దరికీ కలిపి 5 మిగులుతుంది. దానిపై 10 పన్ను వేస్తే బేరమే ఉండదు. ఖజానాకు పైసా రాదు, వడ్రంగికి పని లేదు, ఇంటివాడికి బల్ల లేదు. ఆ 5 ఎవరికీ దక్కకుండా పోయింది.

ఇప్పుడు పన్నును 20 చేద్దాం. ఈసారి 15 మిగిలే బేరాలు కూడా ఆగిపోతాయి. కొద్దిగా మిగిలే బేరాలూ ఎక్కువ మిగిలే బేరాలూ సమానంగా ఉన్నాయనుకుంటే, ఆగిన బేరాల సంఖ్య రెట్టింపవుతుంది, ఒక్కో బేరంలో పోయేది కూడా సగటున రెట్టింపవుతుంది. మొత్తం నష్టం నాలుగింతలు. అంటే రేటు ఎన్ని రెట్లు పెరిగితే నష్టం దాని వర్గమంత పెరుగుతుంది. రాబడి మాత్రం మహా అయితే రెట్టింపు. రేట్లు నిలకడగా ఉండాలన్న వాదనకు పునాది ఇదే. ఈ పునాది మీద ప్రభుత్వ రుణానికి ఒక సిద్ధాంతం కట్టింది అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ బారో, 1979లో.

ఒక లెక్క చూద్దాం. పన్ను పడే మొత్తం ఆదాయం ఏటా 1000. పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రభుత్వ ఖర్చు 200, ఒక విపత్తు ఏడాదిలో 600. ఏ ఏటి ఖర్చు ఆ ఏడే రాబట్టాలంటే తొమ్మిదేళ్లు 20 శాతం, ఆ ఒక్క ఏడాది 60 శాతం పన్ను వేయాలి. ఖర్చును పదేళ్లకు పరిస్తే ఏటా 24 శాతం చాలు. నష్టానికి కొలతగా ఏటేటి రేట్ల వర్గాలు కూడితే మొదటి దారిలో 7200, రెండో దారిలో 5760 వస్తాయి. వసూలు చేసే మొత్తం ఒకటే అయినా, వృథాగా పోయేది అయిదో వంతు తగ్గింది. అప్పుకు వడ్డీ కట్టాలి కదా అని అడగవచ్చు. పన్ను ఆలస్యమైనంత కాలం ఆ డబ్బు ప్రజల దగ్గరే ఉండి వాళ్లకూ ఫలితం ఇస్తుంది కాబట్టి, ప్రభుత్వం చవకగా అప్పు పొందగలిగినంత వరకు ఆ రెండూ దాదాపు సరిపోతాయి.

ఈ లెక్కను అతిగా సాగదీయడం కూడా తప్పే. సాధారణ మాంద్యంలో ఆదాయం 1000 నుంచి 800కు తగ్గి, ఖర్చు 200గానే ఉంటే, మంచి ఏడాది 20 శాతం, చెడ్డ ఏడాది 25 శాతం వేయడానికీ, రెండేళ్లూ దాదాపు 22 శాతం వేయడానికీ మధ్య ఆదా అయ్యేది వృథాలో నూటికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ మాత్రమే. రేట్ల మధ్య అంతరం చిన్నదైతే లాభమూ చిన్నదే. చిన్న మాంద్యంలో రేటు పెంచవద్దనడానికి వేరే కారణాలున్నాయి. అప్పటికే కొనుగోళ్లు లేక కుంగిన మార్కెట్‌ను అది మరింత కుంగదీస్తుంది. కానీ ఆ వాదన వేరు, ఈ వాదన వేరు.

పెద్ద కుదుపుల సంగతి తెలుసుకోవాలంటే బ్రిటన్ చరిత్ర చూడాలి. 1793లో ఫ్రాన్స్‌తో మొదలైన యుద్ధాన్ని ప్రధాని పిట్ ప్రధానంగా అప్పులతోనే నడిపాడు. యుద్ధం త్వరగా ముగిసేది కాదని తేలాక 1799లో ఆదాయపు పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 పౌండ్లు దాటిన ఆదాయంపై 10 శాతం. కోటి పౌండ్లు వస్తాయని అంచనా వేస్తే దాదాపు 60 లక్షలే వచ్చాయి. ఎవరి ఆదాయం వారే చెప్పుకునే ఆ పద్ధతిలో దాచినవారు దాచారు. మన లెక్కలో 60 శాతం వేస్తే 600 వచ్చి తీరుతుందని అనుకున్నాం. హఠాత్తుగా వేసిన కొత్త భారం అలా తలవంచి రాదని పిట్ అనుభవం చెబుతోంది.

1815లో యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు ఏటా జరిగే మొత్తం ఉత్పత్తికి దాదాపు రెండింతలు. ఆ తర్వాత నూరేళ్లలో ఆ అప్పు ఉత్పత్తిలో మూడో వంతు కన్నా తక్కువకు దిగింది. దేశం ఎదిగింది, శాంతికాలపు బడ్జెట్లు చాలావరకు లోటు లేకుండా నడిచాయి. 1701 నుంచి 1918 వరకు బ్రిటన్ లెక్కలను పరిశీలించిన బారోకు యుద్ధంతో సంబంధం లేని పెద్ద లోట్లు రెండే కనిపించాయి. ఒకటి 1835–36లో, బానిసత్వం రద్దు చేసినందుకు యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చినప్పుడు. విడుదలైన బానిసలకు దక్కింది ఏమీ లేదు. ఆ అన్యాయాన్ని ఏ సిద్ధాంతమూ మాయం చేయలేదు. రెండోది 1909–10లో, బడ్జెట్‌ను ప్రభువుల సభ తిరస్కరించడంతో ఆదాయపు పన్ను వసూలు ఆగిపోయినప్పుడు. మిగిలిన సందర్భాల్లో అప్పు యుద్ధంతో పెరిగి శాంతితో తగ్గింది.

ఇదే చరిత్ర సిద్ధాంతం చూడని చోటును కూడా చూపిస్తుంది. 1816లో పార్లమెంటు ఆదాయపు పన్నును రద్దు చేసింది. అది మళ్లీ వచ్చింది 1842లోనే. మధ్య కాలంలో వడ్డీ భారం సరుకులపై వేసిన పన్నుల మీద పడింది. ఉప్పుపై పన్ను 1825 వరకు, కొవ్వొత్తులపై 1831 వరకు, సబ్బుపై 1853 వరకు ఉంది. పేదవాడు ఉప్పు కొని చెల్లించిన పన్ను, రుణపత్రాలు దాచుకున్న ధనికుడికి వడ్డీగా చేరింది. సగటు రేటు నిలకడగా ఉందా అన్నది ఒక ప్రశ్న, ఆ రేటు ఎవరి మీద పడుతోంది అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదాన్ని దాటవేసే ఆర్థికమంత్రిని మేము సమర్థించం.

ఇక ఈ ఆలోచనను ఎక్కువగా దుర్వినియోగం చేసే తీరు గురించి. నిలకడ అంటే రేటును ముట్టుకోకుండా ఉండటం అని చాలామంది పాలకులు అనుకుంటారు, లేదా అనుకున్నట్టు నటిస్తారు. తాత్కాలిక ఖర్చుకు అప్పు సరైనది. శాశ్వత ఖర్చుకు అప్పు చేయడం అంటే అప్పు చేసి పప్పు కూడు తినడమే. ఖర్చు ఇక తగ్గదని తెలిసిన రోజే రేటు దానికి సరిపడా పెరగాలి. ముందే తెలిసిన ఖర్చయితే అది రాకముందే కొద్దికొద్దిగా పెరగాలి.

జపాన్‌లో జరిగింది దీనికి భిన్నం. అక్కడ వినియోగ పన్ను 1989లో 3 శాతంతో మొదలై 1997లో 5 శాతమైంది. ఆ తర్వాత 17 ఏళ్లు కదలలేదు. జనాభాలో వృద్ధులు పెరుగుతారని, పింఛన్లు, వైద్యం ఖర్చు పెరుగుతుందని ముందే తెలుసు. జనాభా లెక్కల్లో దాగేదేమీ ఉండదు. రేటు గీత ఎత్తుపల్లాలు లేకుండా సాగుతున్నా అప్పు మాత్రం ఏటి ఉత్పత్తికి రెండింతలు దాటింది. చివరికి 2014 ఏప్రిల్‌లో ఒకేసారి 8 శాతం చేశారు. తేదీ ముందే ప్రకటించారు కాబట్టి జనం మార్చిలోగా కొనగలిగినవి కొనేశారు. ఏప్రిల్–జూన్ మూడు నెలల్లో దేశ ఉత్పత్తి వార్షిక లెక్కన సుమారు 7 శాతం పడిపోయింది. 2015 అక్టోబరులో 10 శాతం చేయాల్సిన రెండో అడుగును రెండుసార్లు వాయిదా వేసి, 2019 అక్టోబరులో వేశారు. ఆర్థిక వ్యవస్థ బలహీనంగా ఉందన్న భయంలో నిజం లేకపోలేదు. అయినా పదిహేడేళ్లలో చిన్న చిన్న మెట్లు ఎక్కే వీలు ఒక్కసారి కూడా దొరకలేదంటే నమ్మలేం.

కాబట్టి నిలకడను నమ్మేవారు రేటును మాత్రమే చూస్తే సరిపోదు. ఉత్పత్తిలో అప్పు వాటా మంచి ఏళ్లలో తగ్గుతోందా అని చూడాలి. విపత్తు ఏడాదిలో పెరిగి, తర్వాతి ఏళ్లలో తగ్గితే ప్రభుత్వం చెప్పిన మాట మీద నిలబడినట్టు. మంచి ఏళ్లలోనూ పెరుగుతూ పోతే, తాత్కాలికం అని చెప్పినదంతా శాశ్వతమే, రేటు పెంచాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయినట్టే. అప్పులు ఇచ్చేవారు ఈ తేడాను ప్రజల కన్నా ముందే గమనిస్తారు. వడ్డీ రేటు పెంచుతారు. అప్పుడు అప్పు చవక అన్న మన లెక్క చెల్లదు.

చట్టసభలకు మేము కోరేది స్పష్టం. ఏటా లోటు సున్నా చేయాలన్న నియమాన్ని వదలండి. దాని స్థానంలో, అప్పుతో ఖర్చు ప్రతిపాదించే ప్రతి పత్రంలో మూడు విషయాలు రాయించండి: ఈ ఖర్చు ఎన్నేళ్లు ఉంటుంది, దాన్ని తీర్చడానికి ఏ పన్ను రేటు, ఎవరి మీద, ఎంతకాలం అవసరమవుతుంది, అప్పు వాటా ఏ ఏడాది నుంచి తగ్గడం మొదలవుతుంది. ఆ ఏడాది వచ్చినప్పుడు అదే పత్రాన్ని మళ్లీ సభ ముందు పెట్టించండి.