పక్కవాడి స్లాబుకు ముందురోజు ఇంజంక్షన్ తెచ్చుకొను విధానము

స్థలం కొన్నవాడు రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడు. తెలివైనవాడు చుట్టూ కంచె కూడా వేయించుకుంటాడు. మహా తెలివైనవాడు కంచె ఖర్చు మిగుల్చుకుని, అవసరమొచ్చినప్పుడు కోర్టుకెళ్లి అవతలివాడి పని ఆపమనే ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్, తెచ్చుకుంటాడు. ఈ మూడో రకం వారి సేవలో కొన్ని సూచనలు మనవి చేస్తున్నాను.

ఒక వాది గారిని ఊహించుకుందాం. 200 గజాల ఖాళీ స్థలం ఎప్పుడో కొన్నారు. పక్క ప్లాటాయన అందులోకి జరిగి పునాది తీస్తుంటే చూశారు, పిల్లర్లు లేస్తుంటే చూశారు, కిక్కురుమనలేదు. రేపు స్లాబనగా ఆయనలో హక్కుల స్పృహ ఉవ్వెత్తున లేచింది. వెంటనే ఇంజంక్షన్ దావా వేసి, దాంతోపాటు సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు 1, 2 రూల్స్ కింద, దావా తేలేలోగా పని ఆపించమని ఐ.ఏ. అనే మధ్యంతర దరఖాస్తు వేశారు.

అవతలివాడికి నోటీసిచ్చి, వాడి మాటా విని తేల్చడమే అసలు పద్ధతి. నోటీసిచ్చేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందనుకుంటే, ఆ కారణం రాసి మరీ అవతలివాడి మాట వినకుండానే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇవ్వడానికి 3వ రూలు ఒప్పుకుంటుంది. వాది గారికి అదే దక్కింది. సాయంత్రానికి వీధంతా స్వీట్లు పంచారు. ఉత్తర్వు వచ్చిన వెంటనే దావా కాపీ, అఫిడవిట్, కాగితాలు ప్రతివాదికి అందజేయాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పంపానని అదే రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలి. స్వీట్ల హడావిడిలో ఇంత చిన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? గుర్తున్నది ప్రతివాది వకీలుకు మాత్రమే. పైగా ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇచ్చిన 30 రోజుల్లోపు ఐ.ఏ. తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని 3ఎ రూలు. కాబట్టి ప్రతివాది కౌంటరు వేసుకుని వచ్చేశాడు.

అప్పుడు కోర్టు మూడు విషయాలు చూస్తుంది. మొదటిది, పైకి చూడగానే విచారించదగ్గ కేసు ఉందా. హక్కు ఇప్పుడే రుజువు కానక్కర్లేదు గానీ, దావా వేసిన రోజున స్వాధీనంలో ఎవరున్నారన్న దానికి జవాబుండాలి. ఖాళీ స్థలమైతే హక్కున్నవాడిదే స్వాధీనం అనుకునే వీలుంది. అనాతుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. అయితే మన వాది గారు తన స్వాధీనానికి రుజువుగా ఫోటోలు దాఖలు చేశారు. ఒక ఫోటోలో ప్రతివాది బోరు, రెండో దాంట్లో ప్రతివాది సిమెంటు బస్తాలు, మూడో దాంట్లో ప్రతివాది వాచ్‌మన్ కెమెరా వైపు చూసి నవ్వుతూ. స్వాధీనం పోయినవాడు ఉత్త ఇంజంక్షన్ అడిగితే చాలదు, స్వాధీనం కూడా అడగాలి. హక్కు గురించే వివాదముంటే, అది తనదని తేల్చే డిక్లరేషనూ అడగాలి. అదే తీర్పులో ఉంది. కోర్టు ఫీజు పెరుగుతుందని వాది గారు రెండూ మానుకున్నారు.

రెండోది, ఆపితే ఎవరికెక్కువ కష్టం, ఆపకపోతే ఎవరికెక్కువ కష్టం. పునాది నాడే వస్తే ఈ తూకం వాది వైపు మొగ్గేదేమో. అన్నీ చూస్తూ కూర్చుని, సెంట్రింగు కొట్టాక వచ్చినవాడి తొందరను కోర్టు అంత సానుభూతితో చూడదు.

మూడోది, డబ్బుతో పూడ్చలేని నష్టం. ఇక్కడ వాది గారు తన కేసును తానే పూడ్చేశారు. దావాకు ముందు ప్రతివాదికి పంపిన లాయర్ నోటీసులో, ‘ఆరు లక్షలిస్తే నాకే అభ్యంతరమూ లేదు’ అని రాయించారు. పూడ్చలేని నష్టానికి ధర కట్టిన ఆ నోటీసును దావాలో ప్రస్తావించలేదు. ప్రతివాది దాన్ని భద్రంగా దాచుకుని కౌంటరుకు జతచేశాడు. ముఖ్యమైన సంగతిలో తెలిసీ అబద్ధమో, తప్పుదోవ పట్టించే మాటో చెప్పి, నోటీసు లేకుండా ఉత్తర్వు తెచ్చుకుంటే, కారణాలు రాసి వేరేలా తేల్చితే తప్ప 4వ రూలు కింద కోర్టు దాన్ని తీసేయాల్సిందే. తీసేసింది.

తగిన కారణాలు లేకుండా ఇంజంక్షన్ తెచ్చి ఇబ్బంది పెట్టాడని తేలితే 95వ సెక్షన్ కింద 50 వేల రూపాయల దాకా పరిహారం కట్టమనొచ్చు. ప్రతివాది దానికీ దరఖాస్తు పెట్టాడు. ఇదంతా కేవియట్ వేయని తన బద్ధకం వల్లే వచ్చిందని ఇంట్లో చీవాట్లు తింటున్నాడు కూడా. ముందే 148ఎ సెక్షన్ కింద కేవియట్ వేసుంటే 90 రోజుల పాటు అతనికి చెప్పకుండా ఇలాంటి ఉత్తర్వు పుట్టేది కాదు.

వాది గారేమీ కుంగిపోలేదు. 43వ ఆర్డరు కింద అప్పీలు వేస్తున్నారు. స్లాబు ఆరుతున్న ఫోటోలు కూడా తీయించారు, ఈసారి వాచ్‌మన్‌ను పక్కకు తప్పుకోమని మర్యాదగా అడిగి మరీ.