తాతగారి గిటారు – పెద్దత్తయ్య తీర్పు

పాత ఫోటోలో వాద్యంతో నిలబడిన మనిషి ఎవరో తేల్చడానికి కుటుంబాల్లో అనాదిగా ఒకే శాస్త్రీయ పద్ధతి అమల్లో ఉంది: ముందు పేరు ఖాయం చేయడం, తర్వాత ఆధారాలు వెతకడం. ఈ పద్ధతిలో ఇంతవరకు ఏ తాతగారూ సామాన్యుడిగా తేలలేదు. దాని విశ్వసనీయతకు అంతకన్నా రుజువు అక్కరలేదు.

ఒక నలుపు తెలుపు చిత్రం ఊహించుకోండి. వేదిక మీద ఒకే రకం కోట్లు తొడుక్కున్న నలుగురు. వెనక పెద్ద డ్రమ్ము మీద ‘ఎమ్’, ‘ఏ’ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు. ముందు గిటారుతో తాతగారు. చిత్రం 1938 నాటిదనీ, ఆయన ఎడమచేతి వాటపు మేధావి అనీ, డ్రమ్ము మీదిది ఆయన డిగ్రీ అనీ పెద్దత్తయ్య ఏకగ్రీవంగా తీర్మానించారు.

తీర్మానానికి మొదట అడ్డుపడింది గిటారే. బోలు పెట్టె కాదు, పలచని చెక్క దిమ్మ. మెడకు ఇరువైపులా కొమ్ములు, తీగల కింద మూడు పికప్‌లు, వాటిలో చివరిది ఏటవాలుగా. బిరడాలు ఆరూ ఒకే పక్కన. ఇది ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారు రూపం. అది బజారుకు వచ్చిందే 1954లో. కనుక 1938లో దాన్ని వాయించడానికి సంగీత జ్ఞానం ఒక్కటే సరిపోదు. అయితే వాద్యం ‘అంతకు ముందు కాదు’ అని మాత్రమే చెబుతుంది. ఆ రూపం గిటార్లు నేటికీ తయారవుతున్నాయి కాబట్టి, ‘ఆ తర్వాత ఎప్పుడు’ అని అడిగితే నోరు విప్పదు.

ఇక ఎడమచేతి మేధావిత్వం. నెగటివ్‌ను తిరగేసి ముద్రిస్తే ఎవరికైనా ఆ వాటం ఉచితంగా వస్తుంది. దాన్ని పట్టిచ్చేది మామూలుగా రాతే. కానీ ఈ రెండు అక్షరాలూ అద్దంలో కూడా అలాగే ఉంటాయి, వరుస ఒక్కటే తారుమారవుతుంది. అందుకే గుండీలు చూడాలి. మగవారి కోటులో సాధారణంగా ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. ఇక్కడ నలుగురికీ అది తిరగబడింది. నలుగురి దర్జీలూ ఒకేసారి పొరబడి ఉండరు గదా! చిత్రాన్ని సరిగ్గా తిప్పగానే తాతగారు కుడిచేతి వాటానికి వచ్చారు, డిగ్రీ కాస్తా ‘ఏ.ఎమ్.’ అయింది. అలాంటి పొడి అక్షరాలు సాధారణంగా బృంద నాయకుడివో, డ్రమ్ము వాయించేవాడివో అయి ఉంటాయి. తాతగారి పేరుకు వాటితో చుట్టరికం లేదు.

మిగిలింది కోటు. ముగ్గురికి మణికట్టు దాకా వచ్చిన చేతులు తాతగారికి మాత్రం నాలుగు వేళ్ల మేర కురచ. గిటారు నుంచి యాంప్లిఫయరుకు వెళ్లాల్సిన వైరు ఎక్కడా లేదు. ఫోటో కోసమే నిలబడ్డారనో, కోటు అరువుదనో అనుకోవచ్చు. వాయించడం రాదని మాత్రం దీన్నిబట్టి చెప్పలేం. 1954 తర్వాతి పత్రికల్లో కచేరీ ప్రకటనలు తిరగేసి, ‘ఏ.ఎమ్.’ పేరున్న బృందం కోసం వెతకడం తదుపరి పని.

పెద్దత్తయ్యకు ఆ శ్రమ అవసరం లేదు. కురచ కోటును కూడా ఆవిడ సాక్ష్యాల్లో చేర్చుకున్నారు: మహా గిటారిస్టులకు చేతులు పొడవుగా ఉంటాయట.