విటమిన్ ఎ సిరప్ మీద తిరుగుతున్న మెసేజీకి జవాబు

"తల్లులకు హెచ్చరిక! అంగన్‌వాడీలో చెంచాతో పోసే విటమిన్ ఎ సిరప్‌లో పిల్లలకి రోజుకి కావలసినదానికి వంద రెట్లు మందు ఉంటుంది. ఒకేసారి అంత పోస్తే లివర్ పాడైపోతుంది. రోజూ కాస్త ఇవ్వాల్సింది ఓపిక లేక ఆరు నెలలది ఒక్కసారే పోసేస్తున్నారు. అస్సాంలో ఈ మందుకే పిల్లలు చనిపోయారు. చేప, తోటకూర, బొప్పాయి దొరికే మన కోనసీమలో ఇది అవసరమే లేదు. అందరికీ ఫార్వర్డ్ చేయండి."

అంకెతో మొదలుపెడదాం. వంద అనేది అబద్ధం కాదు సరికదా, తగ్గించి రాసిన లెక్క. ఏడాది దాటిన పిల్లలకి ఒక విడతలో పోసేది 2 మిల్లీలీటర్లు, అంటే 2 లక్షల యూనిట్లు. ఒక యూనిట్ అంటే 0.3 మైక్రోగ్రాముల విటమిన్, కాబట్టి మొత్తం 60,000 మైక్రోగ్రాములు. రెండు మూడేళ్ళ పిల్లవాడికి రోజుకి కావలసింది దాదాపు 400 మైక్రోగ్రాములు. భాగించి చూడండి, నూట యాభై వస్తుంది. మెసేజీ రాసినాయన అక్కడ ఆగిపోయాడు. ఇంకో భాగహారం చేసి ఉంటే సంగతి తెలిసేది. అదే 60,000ని ఆరు నెలలకి, అంటే 180 రోజులకి పంచితే రోజుకి 333 మైక్రోగ్రాములు పడుతుంది. అంటే పిల్లవాడికి రోజూ కావలసినదానికన్నా కాస్త తక్కువే. పైగా పోసినదంతా ఒంట్లో నిలవదు. కొంత పేగుల్లోంచే పోతుంది, లోపలికి వెళ్ళినదాంట్లోనూ కొంత మొదటి రోజుల్లోనే బయటికి పోతుంది. చివరికి మిగిలేది సుమారు సగం. విరేచనాలతో ఉన్న పిల్లలకి అంత కూడా దక్కదు.

మరి ఆరు నెలల సరుకు ఒక్క గుక్కలో పోస్తే ఒళ్ళు ఎక్కడ పెట్టుకుంటుంది? లివర్‌లోనే. మెసేజీలో దెబ్బ తింటుందన్న అవయవమే దీనికి గాదె. విటమిన్ సి లాంటివి నీళ్ళలో కరిగే రకం. ఎక్కువైంది మూత్రంలో పోతుంది కాబట్టి ఆరు నెలలకి సరిపడా ఇచ్చినా లాభం ఉండదు. విటమిన్ ఎ కొవ్వులో కరిగే రకం. ఒంట్లో ఉండే విటమిన్ ఎలో ఎక్కువ భాగం లివర్‌లో నిల్వలు దాచే ప్రత్యేక కణాల్లోనే ఉంటుంది. అక్కడి నుంచి లివర్ ఒక ప్రొటీన్‌కి తగిలించి, రోజుకి కావలసినంత మాత్రమే రక్తంలోకి వదులుతుంది. అందుకే నిల్వ బాగా ఉన్న పిల్లవాడి రక్తంలోనూ, ఓ మాదిరిగా ఉన్న పిల్లవాడి రక్తంలోనూ స్థాయి ఇంచుమించు ఒకలాగే కనిపిస్తుంది.

లివర్ ఎప్పుడు చెడుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ భయం ఉత్తుత్తిది కాదు. నిల్వ నిండిపోయాక కూడా నెలల తరబడి రోజూ ఎక్కువ మోతాదు పడుతూ ఉంటే, ప్రొటీన్‌కి తగలని విటమిన్ రక్తంలో తిరగడం మొదలుపెట్టి కణాల పొరల్ని దెబ్బతీస్తుంది. చర్మం పొడిబారి ఊడడం, ఎముకల నొప్పులు, తలనొప్పి, లివర్ వాపు, ఇవన్నీ ఆ బాపతు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న విటమిన్ ఎ క్యాప్సూళ్ళు, చేప లివర్ నూనె "కళ్ళకి మంచిది" అని డాక్టరు చెప్పకుండా రోజూ తాగించే ఇళ్ళల్లో ఆ ప్రమాదం ఉంది. ఆరు నెలలకోసారి పోసే చెంచాతో ఆ పరిస్థితి రాదు.

చెంచాతో వచ్చే ఇబ్బంది వేరే. కొద్దిమంది పిల్లలకి ఆ రోజో మర్నాడో వాంతి, తలనొప్పి, చిరాకు వస్తాయి. నెలల పిల్లల్లో అరుదుగా మాడు కాస్త ఉబ్బుతుంది. ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. తగ్గకపోతే, పిల్లవాడు మత్తుగా పడి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తట్టు వచ్చిన పిల్లలకి డాక్టర్లు ఇదే మందుని వరసగా రెండు రోజులు ఇస్తారు. ఆరు నెలల లోపు అయితే 50 వేలు, ఆరు నుంచి పదకొండు నెలల మధ్య 1 లక్ష, ఏడాది దాటితే 2 లక్షల యూనిట్లు. తట్టు ఒంట్లో విటమిన్ ఎని ఊడ్చేస్తుంది, కళ్ళు పోవడానికి అదొక దారి. కాబట్టి వాళ్ళకి నెలల ఎడం చూడరు. అయితే ఇది వైద్యం, డాక్టరు చూసి ఇచ్చేది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల షెడ్యూలుకి దీంతో పోలిక పెట్టుకోకూడదు.

ఇప్పుడు ఆ "ఓపిక లేక" అన్న మాట. రోజూ కొంచెం కొంచెం ఇవ్వడం తప్పేమీ కాదు. తమిళనాడులో వారానికోసారి చిన్న మోతాదు ఇచ్చి చేసిన అధ్యయనం 1990లో వచ్చింది, అందులో పిల్లల మరణాలు బాగా తగ్గాయి. కానీ అధ్యయనంలో ప్రతి వారం ఇంటికి వెళ్ళి పోయడానికి మనుషులున్నారు. లంక గ్రామాల్లో వరద వచ్చిందంటే పడవ మీద వెళ్ళాల్సిన ఏఎన్ఎం, ఏడాదికి యాభై రెండుసార్లు ఒక్కో పిల్లవాడికి చెంచా పట్టుకుని తిరగగలదా? లివర్‌లో దాచుకునే విటమిన్ కాబట్టే ఏడాదికి రెండుసార్లతో సరిపెట్టే వీలు దొరికింది.

ఆరు నెలలకన్నా ముందు వద్దనడానికి కారణం పైన చెప్పిందే. పాత నిల్వ ఖర్చు కాకముందే కొత్తది పడితే పేరుకుంటుంది. మరీ ఏడాదికోసారి అయితే చాలదు. లోపం ఉన్న పిల్లల రక్తంలో పెరిగిన స్థాయి కొన్ని నెలల్లోనే మళ్ళీ కిందికి జారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు నుంచి ఆరు నెలలు అంటుంది, మన దేశం ఆరు పెట్టుకుంది.

మన షెడ్యూలు ఒక పిల్ల మీద పెట్టి చూద్దాం. 2024 జనవరి 10న పుట్టిందనుకోండి. అక్టోబరు 10కి తొమ్మిది నెలలు నిండుతాయి. అప్పుడు తట్టు టీకాతో పాటు 1 మిల్లీలీటరు, అంటే లక్ష యూనిట్లు. ఏడాది లోపు పిల్లకి అంతే, సగం చెంచా. తర్వాత పదహారు నుంచి పద్దెనిమిది నెలల మధ్య, అంటే 2025 మే, జులై మధ్యలో రెండో తట్టు టీకాతో 2 మిల్లీలీటర్లు. అక్కడి నుంచి ఆరేసి నెలలకి 2 మిల్లీలీటర్ల చొప్పున ఐదేళ్ళు నిండేదాకా. మొత్తం తొమ్మిది విడతలు, 17 లక్షల యూనిట్లు. ఐదు దాటాక లేదు.

తప్పులు జరిగేది ఎక్కువగా ఈ ఎడం దగ్గరే, అదీ మనవాళ్ళ ఇళ్ళల్లో ఓ పద్ధతిలో. రాజోలులో ఉండే పిల్లకి ఊళ్ళో పోస్తారు. నెల తిరక్కుండా పిల్ల ముమ్మిడివరంలో అమ్మమ్మగారింటికి వెళ్తుంది. అక్కడా విడత నడుస్తూ ఉంటుంది. ఏఎన్ఎం "మామ్మగారూ, పాపకి విటమిన్ ఎ పోశారాండీ?" అంటే, "ఏమోనమ్మా, ఏదో చుక్కలేశారని చెప్పింది మా అమ్మాయి" అంటుంది పెద్దావిడ. ఆ చుక్కలు పోలియోవో ఇవో ఎవరికి తెలుసు? తల్లీ బిడ్డల రక్షణ కార్డులో విటమిన్ ఎకి విడిగా గడులు ఉంటాయి, తేదీ అందులో పడుతుంది. కార్డు అమ్మమ్మగారి ఊరికి వెళ్ళకపోతే ఫోనులో దాని ఫోటో అయినా ఉండాలి. తేదీ తెలియనప్పుడు ఆ రోజుకి ఆపి, పిల్ల తల్లికి ఫోన్ చేసి కనుక్కోవడమే సరైన పని.

అస్సాం సంగతి. 2001 నవంబరులో అక్కడ ఒకే విడతగా లక్షల మంది పిల్లలకి పోశారు. మామూలు 2 మిల్లీలీటర్ల చెంచాకి బదులు 5 మిల్లీలీటర్ల కప్పులు వాడారు. నిండా పోస్తే 5 లక్షల యూనిట్లు పడుతుంది. చాలామంది పిల్లలు జబ్బుపడ్డారు, మరణాలూ నమోదయ్యాయి. వాటికి సిరప్పే కారణమా కాదా అన్నది అప్పటి నుంచీ తేలని వివాదం. కానీ కొలత తప్పితే ఏమవుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు. కాబట్టి మెసేజీ చదివి భయపడేకన్నా చెంచా చూడండి. సీసాతో వచ్చే ప్లాస్టిక్ చెంచా నిండా 2 మిల్లీలీటర్లు పడుతుంది, మధ్యలో 1 దగ్గర గీత ఉంటుంది. సిరప్ చిక్కగా, జిగురుగా ఉంటుంది కాబట్టి గీత దగ్గర ఒక్క క్షణం ఆగి చూడాలి. ఇంట్లో టీ చెంచా అయితే ఇంచుమించు 5 మిల్లీలీటర్లు, దానితో పోయించుకోవద్దు. సీసా మీద మూత తీసిన తేదీ రాసి ఉందా అని అడగడం మీ హక్కు. తీసిన ఎనిమిది వారాల్లోపు వాడేయాలి. వెలుతురు తగిలితే మందు చెడుతుంది కాబట్టి ఎండలో బల్ల మీద పెట్టిన సీసా కనిపిస్తే చెప్పండి, మొహమాటపడకండి.

తిండి మాటకొస్తే, మన డెల్టాలో పండుతుంది కాబట్టి పిల్లలు తింటున్నారనుకోవడమే పొరపాటు. ఏడాదిన్నర పిల్ల కంచం చూడండి. మెత్తగా పిసికిన అన్నం, పప్పుచారు, పెరుగు. తోటకూర వండినా పిల్ల నోట్లో పడేది రెండు పిడచలు, అందులో సగం ఊసేస్తుంది. ఆకుకూరలో ఉండేది నేరుగా విటమిన్ ఎ కాదు, కెరోటిన్. పన్నెండు పాళ్ళ కెరోటిన్‌కి ఒక పాలు విటమిన్ ఎ లెక్క, అదీ కూరలో నూనె పడితేనే. చేపలో విటమిన్ ఎ ఎక్కువగా ఉండేది లివర్‌లో, కళ్ళలో. చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె ముక్కలో కండ తప్ప అవేమీ ఉండవు. తలతో సహా తినే చిన్న పరిగెల్లో ఉంటుంది కానీ ముల్లు భయంతో పసిపిల్లలకి పెట్టరు, అది సబబే. అంగన్‌వాడీ గుడ్డు ఒక్కొక్కటీ సుమారు 80 మైక్రోగ్రాములు ఇస్తుంది. పెట్టండి, మానకండి. కానీ అదొక్కటే 400కి చేరదు.

ఈ విషయంలో నిజంగా వాదించదగ్గ మాట ఒకటుంది, మెసేజీలో అదే లేదు. 1970లో దేశంలో ఈ కార్యక్రమం మొదలైనప్పుడు విటమిన్ ఎ లోపంతో కళ్ళు పోయిన పిల్లలు ఊరూరా ఉండేవారు. 2016–18 జాతీయ సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో లోపం 18 శాతం దగ్గర కనిపించింది. ఉత్తరప్రదేశ్‌లో పది లక్షల మంది పిల్లల మీద జరిగి 2013లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో మరణాల తగ్గుదల స్వల్పంగానే తేలింది. అందుకని లోపం తగ్గిన చోట అందరికీ పోయడం ఆపి, అవసరమైన జిల్లాలకే పరిమితం చేయాలని మన దేశంలోనే కొందరు పోషకాహార నిపుణులు అంటున్నారు. అది తేల్చడానికి జిల్లావారీ రక్తపరీక్షలు కావాలి. ఆ వాదన చేస్తున్నవాళ్ళలో కూడా ఆరు నెలలకోసారి పోసే 2 మిల్లీలీటర్లు ఆరోగ్యంగా ఉన్న పిల్ల లివర్‌ని చెడగొడుతుందని చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు. మీ ఇంట్లో పిల్ల సాయంత్రం చీకటి పడే వేళకి గుమ్మం తట్టుకుంటున్నా, కింద పడేసిన బొమ్మ వెతుక్కోలేకపోతున్నా అది రేచీకటి కావచ్చు. అప్పుడు తర్వాతి విడత కోసం ఆగకుండా ఆ రోజే కంటి డాక్టరుకి చూపించాలి. వాళ్ళిచ్చే మోతాదులకి ఈ ఆరు నెలల ఎడం వర్తించదు.