"నీ ఇష్టం" అంటే ఏమిటో నాకు తెలీదా?

ఇప్పుడే అమీర్‌పేట నుంచి ఇంటికొచ్చాను, బ్యాగ్ ఇంకా భుజానే ఉంది, ముందు ఇది రాసేస్తే గానీ నాకు అన్నం దిగదు. పదకొండేళ్లుగా స్నేహంగా ఉన్నదాన్ని చాయ్‌కి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను, "బ్రేకప్ అయ్యాక వాడూ నేనూ మళ్లీ కలిశామే" అని. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి అలాగే పట్టుకుని చూసింది, అది మెత్తబడి విరిగి కప్పులో పడిపోయింది కూడా. అప్పుడు అంది: "నీ ఇష్టం తల్లీ. ఈసారి మాత్రం రాత్రి ఒంటిగంటకి ఏడుస్తూ నాకు ఫోన్ చెయ్యకు."

నీ ఇష్టం! తెలుగులో ఇంతకంటే మర్యాదగా తిట్టే మాట ఇంకోటి ఉంటే చెప్పండి, నేర్చుకుంటాను. ఇంటర్‌లో నేను బైపీసీ వద్దన్నప్పుడు మా అమ్మ కూడా ఇదే అంది. ఆ తర్వాత వారం రోజులు కంచం నా ముందు పెట్టి, మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది.

నేనేమైనా ఆశీర్వదించమన్నానా? మియాపూర్‌లో మెట్రో ఎక్కిన దగ్గర్నుంచి మనసులో వల్లె వేసుకుంటూ వచ్చాను. వాడు నీకు నచ్చక్కర్లేదు. మా ఇద్దరితో కలిసి సినిమాకి రానక్కర్లేదు. నా ముందు మాత్రం వాణ్ని "ఆ వెధవ" అనకు, కలిసిన ప్రతిసారీ "ఇంకా ఉన్నాడా?" అని అడగకు. అంతే. ఇందులో మొదటి వాక్యం అయ్యేలోపే బిస్కెట్ పడిపోయింది.

దాని కోపం నాకు అర్థం కాక కాదు. సంక్రాంతికి ఇంట్లో చెప్తానన్నాడు, చెప్పలేదు. ఉగాదికి అన్నాడు. తర్వాత చెల్లి పెళ్లి అయ్యాక అన్నాడు. అక్కడే నేను వదిలేసి వచ్చేశాను, నాలుగు నెలలు దీని దగ్గరే ఏడ్చాను. ఇప్పుడు వాడు ముందు వాళ్ల నాన్నకి చెప్పి, ఆయన మాట్లాడటం మానేస్తే అదీ భరించి, ఆ తర్వాతే నాకు మెసేజ్ పెట్టాడు. ఈ ముక్క చెప్పనిచ్చిందా? లేదు. మూడు నెలలుగా కలుస్తున్నామన్న మాట దగ్గరే ఆగిపోయింది, "మూడు నెలలు దాచావా?" అంటూ. దాచాను. అది నా తప్పే, ఒప్పుకుంటా. ఎందుకు దాచానో మాత్రం ఆ బిస్కెట్‌ని అడగండి.

అసలు చిక్కేంటంటే వాడి మీద దాని దగ్గరున్న కేసు ఫైలంతా నేను రాసిచ్చిందే. ఒంటిగంటకి ఫోన్లు చేసింది నేను, స్క్రీన్‌షాట్లు పంపింది నేను. నాకు డెంగ్యూ వచ్చినప్పుడు వాడు హాస్పిటల్ కారిడార్‌లో బల్ల మీద పడుకున్న రాత్రి నేను దీనికి ఫోన్ చెయ్యలేదు కదా! అన్నం మాడిన రోజే పక్కింటికి వాసన వెళ్తుంది. దీనికి ఆ వాసన తప్ప వేరే ఏం తెలుసు?

వాడు నా మీద చెయ్యెత్తినా, నా ఫోన్ తీసి చూసినా, జీతం లాక్కున్నా అప్పుడు నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చుకుపో, నీకు హక్కుంది. ఇది అది కాదు. వాడు పిరికివాడు. ఇప్పుడు కొంచెం తగ్గింది. పిరికివాణ్ని ప్రేమించడం నా ఖర్మ, మధ్యలో నీకేంటే?

సరే, ఇంత దూరం వచ్చాక ఆ మాట కూడా అనేస్తా. దాని పెళ్లికి ముందు ఏం జరిగిందో నాకు తెలీదా? కట్నం వద్దన్న మహానుభావుడు, ముహూర్తానికి పది రోజుల ముందు కారు సంగతి ఎత్తాడు. రాత్రంతా ఏడ్చి, తెల్లారేసరికి "వాళ్ల నాన్న ఒత్తిడి, ఆయన మంచోడే" అంది. నేను ఒక్కసారే అడిగాను, "ఆలోచించుకున్నావా?" అని. ఆలోచించానంది. ఇక నోరెత్తలేదు. పెళ్లిలో చదివింపుల పుస్తకం పట్టుకుని రాత్రి రెండింటి దాకా ఐదొందల పదహార్లు, నూటపదహార్లు రాస్తూ కూర్చున్నాను. ఆ పెద్దమనిషి ఈరోజుకీ నాకు నచ్చడు. ఇంటికొస్తే మాత్రం "అన్నయ్యా, ఇంకొంచెం పప్పు" అని వడ్డిస్తాను. నేనడిగింది ఆ పప్పు పాటి మర్యాదే. అది నాకు నాలుగేళ్ల నుంచీ బాకీ ఉంది.

కామెంట్లలో "తను నీ మంచికే చెప్తోంది" అనేవాళ్లు దయచేసి ఆగండి. నా మంచి కోరేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు, మా పెద్దత్త ఒక్కతే చాలు.

ఒసేయ్, నువ్వు ఇది చదువుతావని తెలుసు, మ్యూట్ చేసినా చదువుతావు. మొన్న మీ అమ్మ పంపిన ఆవకాయ సీసా నా దగ్గరే ఉంది, నువ్వు రెండుసార్లు అడిగావు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్లు. వాడూ ఉంటాడు, ముద్దపప్పు వాడే చేస్తాడు. మాట్లాడకపోయినా పర్లేదు, తిని వెళ్లు.