వెరోనికమ్మ వాక్యంలో ఎక్కడుంది అత్తయ్యా?

"సిలువ మార్గంలో పద్నాలుగు స్థలాలు అంటారు, అందులో సగం బైబిల్లోనే లేవు, లేనిదాని ముందు మోకాళ్ళేసి ఏం ధ్యానించాలి అత్తయ్యా?"

మొన్న ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలం శుక్రవారం గుడిలో సిలువ మార్గం, అంటే యేసు ప్రభువు తీర్పు దగ్గర్నుంచి సమాధి దాకా పద్నాలుగు ఘట్టాల దగ్గర ఆగి ధ్యానించుకోవడం, ముగించుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాక కిరణ్ బావ అడిగిన ప్రశ్న ఇది. బావ పుట్టింది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కుల ఇంట్లోనే, హైదరాబాద్ వెళ్ళాక ఒక ప్రార్థనా సంఘంలో చేరాడు, ఇప్పుడు ప్రతిదానికీ వాక్యం ఎక్కడుంది అంటాడు. మా అమ్మ ముప్పై ఏళ్ళుగా గుడిలో పిల్లలకి జపాలు నేర్పిన మనిషి. నాకు గుర్తున్నంతలో రాస్తున్నా, మధ్యలో జోజి బాబాయి కూడా దూరాడు.

అమ్మ: సగం అనకు, లెక్కపెట్టి మాట్లాడు. మూడోది, ఏడోది, తొమ్మిదోది ప్రభువు పడిపోవడాలు, నాలుగోది తల్లిని కలవడం, ఆరోది వెరోనికమ్మ ఆయన ముఖం తుడవడం. అయిదు. పదమూడోది సగం ఉంది, దేహాన్ని దించడం ఉంది, తల్లి ఒడిలో పెట్టడం లేదు. మిగతావి పిలాతు తీర్పు దగ్గర్నుంచి సమాధి దాకా అన్నీ నీ బైబిల్లోవే.

కిరణ్ బావ: సరే అయిదున్నర అనుకోండి, అయినా లేనివి లేనివే కదా. మీ రెండో జాన్ పాల్ పోపుగారే 1991 గుడ్ ఫ్రైడేకి రోమ్‌లో కొలోసియం దగ్గర ఆ అయిదూ తీసేసి, గెత్సెమనే తోట, పేతురు బొంకడం, మంచి దొంగ, ఇలా అన్నీ వాక్యంలో ఉన్నవే పెట్టి నడిపించారు. అంటే ఆయనకి కూడా తెలిసినట్టే కదా, పాతవాటిని కొట్టేసినట్టే కదా.

అమ్మ: కొట్టెయ్యలేదురా, పక్కన ఇంకో దారి వేశారు అంతే. పద్నాలుగు అని రూలు పెట్టిందే 1731లో పన్నెండో క్లెమెంటు పోపుగారు, అంతకుముందు ఒక్కో ఊళ్ళో ఒక్కో లెక్క. కొన్ని చోట్ల అచ్చంగా ఏడు పడిపోవడాలే ఉండేవి, అందులోంచి మిగిలినవే ఈ మూడు అంటారు. కాబట్టి ఇది ఆకాశం నుంచి ఊడిపడిందని నేనూ అనను. నేను అడిగేది వేరే. మీ సంఘంలో గుడ్ ఫ్రైడేకి ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలు చెబుతారు కదా, ఆ ఏడూ ఏ సువార్తలో ఉన్నాయి?

కిరణ్ బావ: నాలుగింటిలో కలిపి ఉన్నాయి.

అమ్మ: ఆఁ, కలిపి. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కుల్లో ఒకే ఒక్కటి. ఏడు అని వరసగా పేర్చింది మనుషులే. పేర్చడం తప్పు కానప్పుడు...

కిరణ్ బావ: ఆగండి ఆగండి, అది పేర్చడం, ఇది చేర్చడం. మా ఏడు మాటల్లో ప్రతి మాటకీ వచనం చూపిస్తా, మీ వెరోనికమ్మకి చూపించండి చూద్దాం.

(ఇక్కడ అమ్మ ఒక నిమిషం మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ దెబ్బ బావదే.)

అమ్మ: చూపించలేను. వెరోనికమ్మ గురించి నేను పిల్లలకి కూడా చరిత్ర అని చెప్పను, పెద్దలు చెప్పిన కథ అనే చెబుతా. కానీ అక్కడ నిలబడితే నాకు వచ్చే ప్రశ్న నిజమైందే. చుట్టూ జనం, సైనికులు, అంతమందిలో ఒకావిడ చేతిలో ఉన్న గుడ్డతో ముఖం తుడిచింది, ఆయన సిలువ బరువు ఒక్క వీసం కూడా తగ్గలేదు, శిక్ష ఆగలేదు. ఏమీ మార్చలేనప్పుడు కూడా తుడవడానికి ముందుకొస్తావా, అనేదే ఆ స్థలం.

కిరణ్ బావ: అది మంచి ప్రశ్నే, దానికి బొమ్మ అక్కర్లేదు అంటున్నా.

అమ్మ: బొమ్మ అక్కర్లేదనే మేమూ అంటాం. మన గుడిలో తొమ్మిదో స్థలం పటం చూశావుగా, చెదలు తినేసి యేసు ప్రభువు భుజం దాకా పోయింది, సగం ఖాళీ అద్దమే మిగిలింది. మార్చాలా అని ఫాదర్ గారిని అడిగితే పైన చెక్క సిలువ ఉందా, ఉంటే స్థలం ఉన్నట్టే అన్నారు. పద్నాలుగు సిలువలు ఉండాలి, ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదానికి నడవాలి, ఆయన శ్రమలు తలుచుకోవాలి, అసలు కావాల్సింది ఇంతే. పటాలు మన కళ్ళ కోసం.

బాబాయి: నడవడం అంటే గుర్తొచ్చింది వదినా, నాకు ఈ మోకాలు అరిగిపోయింది కదా, నేను బెంచీ మీదే కూర్చుని జపం చెప్పుకుంటున్నా, లెక్కలోకి రాదా?

కిరణ్ బావ: మామా, మేం మాట్లాడేది అది కాదు.

బాబాయి: నాకు మాత్రం అదే కదా కావాల్సింది.

అమ్మ: వస్తుంది జోజీ. గుడి నిండా జనం ఉంటే నడిపించేవాళ్ళు ఒక్కళ్ళు నడిచినా చాలు, మిగతావాళ్ళు ఉన్నచోటే ఉండొచ్చు. అసలు రాలేనివాళ్ళు ఇంట్లో ఓ పావుగంట ఆయన శ్రమల కథ చదివి ధ్యానించుకున్నా సరిపోతుంది. నువ్వు నిద్రపోకుండా ఉంటే చాలు.

కిరణ్ బావ: సరే, పడిపోవడాల సంగతి చెప్పండి. ఒకసారి పడ్డాడంటే అర్థం ఉంది, కొరడా దెబ్బలు తిన్న మనిషి, దారిన వస్తున్న సీమోను చేత సిలువ మోయించారంటేనే ఆయన మొయ్యలేకపోయాడని తెలుస్తోంది. మూడుసార్లు ఎందుకు? ఒకే పాట మూడుసార్లు పాడినట్టు ఉంటుంది.

అమ్మ: అది వరస చూడనివాళ్ళు అనే మాట. మొదటిసారి పడేది సిలువ ఎత్తుకున్న వెంటనే, మధ్యలో ఇంకేమీ జరగలేదు. బరువు తెలియక మోద్దాం అనుకుని కూలబడటం అది. అక్కడ ఎవరైనా, నా బలం నేను ఎక్కువ అంచనా వేసుకున్నానే అనుకోవచ్చు. రెండోది ఎప్పుడు? తల్లిని చూశాక, సీమోను వచ్చి భుజం పట్టాక, వెరోనికమ్మ ముఖం తుడిచాక. సాయం అంతా అందాక మళ్ళీ పడ్డాడు. సిగ్గు ఎక్కడుంటుందో తెలుసా, అక్కడే ఉంటుంది. సాయం చేసినవాళ్ళంతా చూస్తుండగా పడటంలో. మూడోది ఆడవాళ్ళని ఓదార్చి వాళ్ళకి బుద్ధి చెప్పిన తరవాత, కొండ దగ్గరపడ్డాక. ఇంకొకళ్ళకి ధైర్యం చెప్పి మనమే పడటం.

కిరణ్ బావ: వినడానికి బాగుంది.

అమ్మ: వినడానికి కాదు. మీ మామయ్య ప్రతి తపస్సు కాలం విభూతి బుధవారం నాడు మందు మానేసేవాడు, నీకు తెలుసు. మొదటిసారి రెండో వారంలో పడ్డాడు, నేను తిట్టాను. తరవాత సంవత్సరం ఫాదర్ గారు కూర్చోబెట్టి మాట్లాడారు, మా అన్నయ్య అంటే మీ నాన్న పనిలో పెట్టించాడు, అందరూ పట్టుకున్నారు, మళ్ళీ పడ్డాడు. ఆ ఏడు గుడికి రావడమే మానేశాడు, ఏ ముఖం పెట్టుకుని రానే అన్నాడు. నేను ఏడో స్థలం దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టా, ఏమీ చెప్పలేదు, నిలబెట్టా అంతే.

(నాన్న సంగతి అమ్మ బయటికి ఎప్పుడూ ఎత్తదు. నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చా.)

కిరణ్ బావ: అత్తయ్యా, మామయ్య మీద గౌరవంతోనే అంటున్నా, ఇక్కడే నాకు అసలు ఇబ్బంది. ప్రభువు పాపం లేనివాడు. ఆయన పడింది దెబ్బల వల్ల, మామయ్య పడింది బాటిల్ వల్ల. రెండూ ఒకే మాట 'పడటం' అని కలిపేస్తే ఎలా? రేపు తాగినవాడల్లా ప్రభువు కూడా పడ్డాడు అంటాడు.

అమ్మ: అనొచ్చు. అన్నవాళ్ళనీ చూశా. మేం చెప్పేది ఆయన మన బరువు కింద పడ్డాడని, మనలాగా పడ్డాడని కాదు.

కిరణ్ బావ: ఆ తేడా గుడిలో ఎంతమందికి తెలుసు?

అమ్మ: అందరికీ తెలీదు. ఆ తప్పు నాలాంటి వాళ్ళదే, విడమర్చి చెప్పం. పుస్తకంలో ఉన్న ప్రార్థన గబగబా చదివేసి పద్నాలుగూ పావుగంటలో ముగిస్తాం.

కిరణ్ బావ: ఇంకొకటి. ఎనిమిదో స్థలం మీ భక్తినే తప్పు పడుతోంది. లూకా 23లో తన కోసం ఏడుస్తున్న ఆడవాళ్ళతో ఆయన ఏమన్నాడు, నా కోసం ఏడవొద్దు, మీ కోసం మీ పిల్లల కోసం ఏడవండి అన్నాడు. మీరేమో పాట ఎత్తుకుని ఆయన కోసమే ఏడుస్తారు, ఇవాళ ముందు వరసలో ఒకావిడ వెక్కివెక్కి ఏడ్చింది, బయటికొచ్చి గేటు దగ్గర తోడికోడలితో మాట్లాడకుండా పోయింది, నేను చూశా.

అమ్మ: (నవ్వి) నేనూ చూశా. అందుకే ఆ స్థలం అక్కడుంది. ఏడు స్థలాలు జాలిపడుతూ వచ్చిన మనిషిని ఎనిమిదోది ఆపి, నీ సంగతేంటి అంటుంది. అది వినిపించుకోనివాళ్ళకి ఏ స్థలమూ వినిపించదు. దీంట్లో నీతో వాదం లేదు నాకు.

కిరణ్ బావ: మరి సమాధితో ఆపేస్తారేంటి? పునరుత్థానం లేకుండా సువార్త ఏముంది?

అమ్మ: కొన్ని గుళ్ళలో పదిహేనోది చేరుస్తారు. నాకు ఇష్టం ఉండదు. శుక్రవారం రాత్రి రాయి మూసేసినప్పుడు ఆ తల్లికి ఆదివారం సంగతి కళ్ళ ముందు లేదు కదా, చావు జరిగిన ఇంట్లో కూడా ఉండదు. ఆ రాత్రి దగ్గర కాసేపు ఉండమనే పద్నాలుగోది అడుగుతుంది.

కిరణ్ బావ: నేను ఒప్పుకోను. తెలిసి కూడా తెలియనట్టు నటించడం అది.

బాబాయి: అయిదో స్థలం, సీమోను గురించి ఎవరూ చెప్పలేదే.

అమ్మ: అదే నాకు అన్నిటికంటే కష్టమైనది జోజీ. సీమోను భక్తితో రాలేదు, పొలం నుంచి వస్తుంటే పట్టుకుని బలవంతంగా మోయించారు. అయినా మార్కు ఆయన కొడుకుల పేర్లు కూడా రాశాడు, అలెగ్జాండరు, రూఫు అని, అంటే చదివేవాళ్ళకి ఆ పిల్లలు తెలిసే ఉంటారు. ఇష్టం లేకుండా మోసినా అది మొయ్యడమే. పక్షవాతం వచ్చిన నాన్న కోసం ఉద్యోగం వదిలేసి ఎనిమిది నెలలు ఇక్కడ...

కిరణ్ బావ: అత్తయ్యా, నా సంగతి తీసుకురావొద్దు. నేను సీమోనునీ కాదు ఏమీ కాదు, నేను రోజూ తిట్టుకుంటూ చేశా.

అమ్మ: ఆయన పాటలు పాడుకుంటూ మోశాడని ఎక్కడైనా రాసుందా?

బావ ఏమీ అనలేదు. బాబాయి మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. అమ్మ గుడి నుంచి తెచ్చిన కొవ్వొత్తి ముక్కలు కవర్లోంచి తీసి, మైనం గీకి, పెద్దవి ఒక పక్క చిన్నవి ఒక పక్క పెడుతూ అంది, వచ్చే శుక్రవారం చదివేవాళ్ళు తక్కువున్నారు, ఒక స్థలం చదువుతావా.

కిరణ్ బావ: వాక్యంలో ఉన్నదైతే చదువుతా. ఎనిమిదోది ఇవ్వండి.

అమ్మ: అయిదోది కూడా వాక్యంలో ఉందిగా.

కిరణ్ బావ: ఉంది. ఎనిమిదోదే ఇవ్వండి.