ప్రియమైన ‘కొంతమంది’కి

నువ్వెవరివో నాకు తెలియదు. బాధంతా అదే. మూడేళ్లుగా మా టీమ్ లీడ్ గ్రూపులో పెట్టే మెసేజుల్లో నిన్ను చూస్తూనే ఉన్నాను. హాజరు పట్టీలో మాత్రం నీ పేరు ఎక్కడా లేదు. నీ జీతం ఎవరు తీసుకుంటున్నారో గానీ, నీకు పడే అక్షింతలు మాత్రం మా తొమ్మిదిమందికీ సమానంగా అందుతున్నాయి.

పోయిన శుక్రవారం సాయంత్రం 6:40కి వచ్చిన మెసేజ్ నీకు గుర్తుండే ఉంటుంది. “టీమ్, ఈ వారం రిపోర్టు ఆలస్యమైంది. కొంతమంది షీటు టైముకి అప్‌డేట్ చేయడం లేదని నా దృష్టికి వచ్చింది. మనం ఇంకాస్త బాధ్యతగా ఉండాలి. సోమవారం నుంచి 5 గంటలకల్లా అందరూ అప్‌డేట్ చేయాలి. ఆదివారం కూడా పనిచేసిన సీనియర్ గారికి, సహకరించిన మిగతా అందరికీ థాంక్స్.” సీనియర్ అన్నచోట అసలు పేరే ఉంది. నేను ఇక్కడ రాయడం లేదు, అంతే.

చదవడానికి పావు నిమిషం పట్టింది. అర్థం చేసుకోవడానికి శని, ఆదివారాలు సరిపోలేదు.

మొదటి వాక్యం చూడు. రిపోర్టు ఆలస్యమైంది. ఎవరూ చేయలేదు, దానంతట అదే అయింది. చిన్నప్పుడు మనం “గ్లాసు పగిలింది” అనేవాళ్లం, “పగలగొట్టాను” అని ఎవరైనా అన్నారా? మా లీడ్‌ది అదే పాఠశాల. చివరి వాక్యానికి వచ్చేసరికి మాత్రం పనిచేసినవాళ్లకి పేరొచ్చింది, పేరు పక్కన ‘గారు’ కూడా వచ్చింది. మంచి పని మనుషులు చేస్తారు, చెడ్డ పని వర్షంలా పడుతుంది.

ఇక నీ వాక్యం. నీకు మన భాష చేసినంత సాయం ఇంకెవరూ చేయలేదు. నేను చేయడం లేదు, నువ్వు చేయడం లేదు, ఆవిడ చేయడం లేదు, వాళ్లు చేయడం లేదు: క్రియ ఎక్కడా మారదు. ‘చేశారు’ అన్నా అది పదిమందీ కావచ్చు, మర్యాదకి ఒక్కరే కావచ్చు. నువ్వు దాక్కోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

‘నా దృష్టికి వచ్చింది’ దగ్గర నాకు నిద్ర పట్టలేదు. దానంతట అదే నడుచుకుంటూ రాదు కదా, ఎవరో తీసుకెళ్లారు. అప్పటిదాకా దొంగ ఎవరన్నదే ప్రశ్న. ఇప్పుడు చాడీ చెప్పిందెవరన్నది రెండో ప్రశ్న. ‘మనం’ సంగతి సరేసరి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’ అని తెలుగువాళ్లకి రెండు మాటలున్నాయి. మా లీడ్ మూడోది కనిపెట్టారు: మాట్లాడేవాడు తప్ప మిగతా అందరూ ఉండే ‘మనం’.

అప్పుడు నేనేం చేశానో చెబితే నవ్వుతావు. షీటు పాత వెర్షన్లన్నీ తెరిచి చూశాను. మంగళవారం నా అప్‌డేట్ 5:20కి పడింది. ఇరవై నిమిషాలు! దొరికిపోయానని చెమటలు పట్టాయి. 5 గంటల గడువు పుట్టిందే శుక్రవారమని, మంగళవారం నాటికి అసలు గడువే లేదని ఆదివారం రాత్రి దాకా తట్టనే లేదు. ఆ మెసేజ్ కింద బొటనవేలు గుర్తు నొక్కడం ఇంకో యాతన. వెంటనే నొక్కితే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది, ఆలస్యంగా నొక్కితే అలిగినట్టు ఉంటుంది. చివరికి నాలుగో వాణ్ణయ్యాను. నాలుగో స్థానాన్ని ఎవరూ అనుమానించరని నా లెక్క.

సోమవారం మెల్లగా వాకబు చేస్తే, నాతో కలిపి ఐదుగురు ఆ మెసేజ్ తమ గురించేనని శని, ఆదివారాలు పాడుచేసుకున్నారు. నాలుగు రోజులు షీటు ముట్టనే ముట్టని ఒక్క మహానుభావుడు మాత్రం “బాగా పెట్టారు, కొంతమందికి అలా చెబితే గానీ బుద్ధి రాదు” అన్నాడు. పేరు చెప్పకుండా వేసిన చురక తగలాల్సినవాడికి తప్ప అందరికీ తగులుతుంది. జాగ్రత్తగా పనిచేసేవాడికే తన తప్పులు గుర్తుంటాయి మరి.

అక్షరాల్లోంచి గొంతు వినగలమన్న నా ధీమా కూడా కొత్తదేం కాదులే. అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకులు తమ తోటివాళ్లతో కలిసి 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొందరిచేత వెటకారపు మాటలు, మామూలు మాటలు ఈమెయిల్లో రాయించారు. చదివేవాళ్లు తేడా ఇట్టే పట్టేస్తారని రాసినవాళ్ల నమ్మకం. చదివినవాళ్లు నిజంగా పట్టింది నాణెం ఎగరేసి చెప్పినదానికంటే కాస్తే ఎక్కువ. ఆ చదివినవాళ్లకీ తాము సరిగ్గానే పట్టామని ధీమా. అంటే నేను, మా లీడ్ ఒక తానులో ముక్కలమే.

సిగ్గేసి, ఈసారి అక్షరాలు వదిలి లెక్క పట్టాను. ఆరు నెలల మెసేజులు వెనక్కి జరిపి చూస్తే నువ్వు పదకొండుసార్లు ఉన్నావు, ‘నా దృష్టికి వచ్చింది’ ఏడుసార్లు ఉంది. ఒకసారి కాఫీ మెషీన్ గురించి కూడా అలాగే రాశారు. అది ఆయనకి కామా లాంటిది, అందులో కోపం వెతకడం నా పిచ్చి. ‘గారు’ కూడా అంతే, తనకంటే పెద్దవాళ్లందరికీ తగిలిస్తారు. రోజూ రాసే తీరు తెలియకుండా ఒక్క మెసేజ్‌లో మాట మారిందో లేదో చెప్పలేం. ఒక్కరికే సరిపోయే వివరం, అంటే ఫలానా ఫైలు, ఫలానా పూట, అందులో ఏదీ లేదు. నిజంగా నా మీదే అయితే ఇంకో చోట కనబడాలి: నా పని వేరేవాళ్లకి వెళ్లాలి, మీటింగుకి పిలుపు ఆగాలి. రెండూ జరగలేదు.

కానీ ఆ లెక్కలో ఇంకొకటి బయటపడింది. పేరు పెట్టి థాంక్స్ చెప్పింది నాలుగుసార్లు, నాలుగూ ఆ సీనియర్‌కే. ఆ ఆదివారం ఆయనతోపాటు సాయంత్రం దాకా కూర్చున్న అమ్మాయి ‘మిగతా అందరి’లో కలిసిపోయింది. నేను రెండు రోజులు సందుల్లో వెతికిన పక్షపాతం రాజవీధిలోనే ఉంది. నా గురించి కాదు గనక కనబడలేదు.

బుధవారం ధైర్యం చేసి లీడ్‌ని పక్కకి పిలిచి, అది నా గురించా సార్ అని అడిగాను. ఆయన అయోమయంగా చూసి, “ఏ మెసేజ్?” అన్నారు. ఫోన్‌లో చూపిస్తే చదువుకుని, “ఓ, ఇదా! పైనుంచి నాకొచ్చింది. టీమ్ అని మార్చి పెట్టేశాను” అన్నారు. అంటే ఆ మెసేజ్‌లో నువ్వు మా లీడేనట. అదను చూసి ఆ అమ్మాయి ఆదివారం సంగతి కూడా చెప్పాను. “అవునా, ఆవిడా వచ్చిందా?” అన్నారు.

గురువారం ఉదయం గ్రూపులో కొత్త మెసేజ్: “టీమ్, కొంతమంది నేను పెట్టే ప్రతి మెసేజూ తమ గురించే అనుకుంటున్నారని నా దృష్టికి వచ్చింది. దయచేసి అలా అనుకోకండి.”

పది నిమిషాల్లో ముగ్గురు నాకు విడిగా రాశారు, “ఇది నా గురించే కదా?” అని. ఇంతకాలం నీ కోసం వెతికాను. ఆ ఒక్కరోజు మాత్రం నువ్వెవరో నాకు ఖాయంగా తెలుసు. “ఛ, నీ గురించి కాదులే” అని ముగ్గురికీ రాసి, బొటనవేలు నొక్కాను.

ఈసారీ నాలుగో వాణ్ణే.

ఇట్లు,
మిగతా అందరిలో ఒకడు