బార్బర్ కూలి ఫ్యాక్టరీలో తేలుతుంది

ఈసారి వార్షిక సభల్లో ఆర్థిక గోష్ఠి జరిగినప్పుడు రెండు మాటలకు గట్టిగా చప్పట్లు పడ్డాయి. "పేద దేశంలో సేవలు చౌక, ఎందుకంటే అక్కడ పనికి విలువ లేదు" అన్నది మొదటిది. "ధరల్లో ఇంత తేడా ఉందంటే ఆ దేశపు కరెన్సీని ఎవరో కావాలని తొక్కిపెడుతున్నట్టే, ధరలు సమానమయ్యేదాకా దాని విలువ పెరగాలి" అన్నది రెండోది. మొదటి మాట కష్టపడే మనుషులను కించపరుస్తుంది. రెండోది లేని కుట్రను వెతుకుతుంది. ఈ రెండింటికీ జవాబు అర్థశాస్త్రంలో 1964 నుంచీ ఉంది. ఆ సంవత్సరం బేలా బలస్సా, పాల్ శామ్యూల్‌సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఎవరికి వారు ఒకే సంగతిని రాశారు. రాయ్ హారడ్ 1933లోనే దాని దగ్గరికి వచ్చాడు. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించదగినంత చిన్నది కాబట్టి ఇక్కడ పూర్తిగా వేస్తాను.

రెండు దేశాలు అనుకుందాం, ఒకటి ధనికం, ఒకటి పేద. రెండిట్లోనూ రెండే పనులున్నాయి. ఒకటి ఓడెక్కి సరిహద్దు దాటే సరుకు తయారీ, రెండోది సరిహద్దు దాటని క్షవరం. సరుకుకు ప్రపంచమంతా ఒకటే ధర, ఒక్కోటి 2 డాలర్లు. ధనిక దేశపు కార్మికుడు మంచి యంత్రాలు, నికరమైన కరెంటు, దగ్గర్లో రేవు ఉండటం వల్ల గంటకు 10 సరుకులు చేస్తాడు. పేద దేశపు కార్మికుడు 2 చేస్తాడు. కాబట్టి అక్కడ గంట కూలి 20 డాలర్లు, ఇక్కడ 4 డాలర్లు. ఇంతకు మించి ఇస్తే ఫ్యాక్టరీకి నష్టం, తక్కువ ఇస్తే కార్మికుడు పక్క ఫ్యాక్టరీకి పోతాడు.

ఇప్పుడు బార్బర్ సంగతి. కత్తెర, దువ్వెన రెండు చోట్లా ఒకటే. ఇద్దరూ గంటకు ఇద్దరికే క్షవరం చేయగలరు, పనితనంలో తేడా లేదు. కానీ ధనిక దేశంలో బార్బర్‌కు గంటకు 20 డాలర్లు రాకపోతే కత్తెర పక్కన పెట్టి ఫ్యాక్టరీలో చేరతాడు. అందుకని అక్కడ క్షవరం 10 డాలర్లు, పేద దేశంలో 2 డాలర్లు. ఒకే పనికి ఒకడికి అయిదు రెట్లు ఎక్కువ వస్తోంది. ఆ తేడా అతని చేతిలోని నైపుణ్యం వల్ల వచ్చింది కాదు, అతని చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల ఉత్పాదకత వల్ల వచ్చింది. "పనికి విలువ లేదు" అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. అదే బార్బర్ సరిహద్దు దాటిన మర్నాడే, కొత్తగా ఏమీ నేర్చుకోకుండానే, అయిదు రెట్లు సంపాదిస్తాడు. వలస వచ్చిన మనవాళ్లందరికీ ఇది తెలిసిన నిజమే.

ఇక ధరల స్థాయి. 5 సరుకులు, ఒక క్షవరం కలిపి ఒక బుట్ట అనుకుంటే ధనిక దేశంలో దాని ఖరీదు 10 + 10, అంటే 20 డాలర్లు. పేద దేశంలో 10 + 2, అంటే 12 డాలర్లు. పేద దేశపు ధరల స్థాయి ధనిక దేశపు స్థాయిలో 60 శాతం. సరుకుల ధరలో తేడా ఏమీ లేదు, తేడా మొత్తం సేవల్లోనే ఉంది. జీవన ప్రమాణం కూడా చూడండి. మార్కెట్ రేటు ప్రకారం కూలిలో తేడా అయిదు రెట్లు. గంట కూలితో కొనగలిగే బుట్టలను లెక్కిస్తే ధనిక దేశంలో ఒకటి, పేద దేశంలో మూడో వంతు. అంటే నిజమైన తేడా మూడు రెట్లు. మార్కెట్ రేటుతో గుణించి పోల్చినవాళ్లు పేదరికాన్ని ఎక్కువ చేసి చూపిస్తారు. "అక్కడ అన్నీ చౌకే కదా" అని కొట్టిపారేసేవాళ్లు మిగిలిన మూడు రెట్ల తేడాను దాచేస్తారు. 1968లో ఐక్యరాజ్య సమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టిన అంతర్జాతీయ ధరల పోలిక కార్యక్రమం ఇలాంటి బుట్టలనే, ఎన్నో వస్తువులతో, దేశదేశాల్లో తూకం వేస్తోంది. ఆదాయం ఎక్కువున్న దేశాల్లో ధరల స్థాయి ఎక్కువన్నది అందులో మళ్లీ మళ్లీ బయటపడుతోంది.

రెండో చప్పట్ల మాటకు వద్దాం. పేద దేశంలో డాలరుకు 50 స్థానిక నాణేలు అనుకోండి. సరుకు 100, గంట కూలి 200, క్షవరం 100, బుట్ట 600. అదే బుట్ట ధనిక దేశంలో 20 డాలర్లు కాబట్టి, కొనుగోలు శక్తి ప్రకారం "న్యాయమైన" రేటు డాలరుకు 30 అని వక్త లెక్క. సరే, రేపు పొద్దున్నే 30కి మార్చేద్దాం. 100 నాణేల సరుకు ఇప్పుడు 3.33 డాలర్లవుతుంది. ప్రపంచం 2 డాలర్లే ఇస్తుంది. అప్పుడు ఫ్యాక్టరీ మూతపడాలి, లేదా కూలి 200 నుంచి 120కి పడిపోవాలి. కూలి తగ్గితే క్షవరం ధరా పడుతుంది, బుట్ట మళ్లీ 12 డాలర్ల దగ్గరికే వస్తుంది. ఉత్పాదకత కదలకుండా మారక రేటును మాత్రమే కదిలిస్తే మధ్యలో మిగిలేది నిరుద్యోగం. కొనుగోలు శక్తి రేటు జీవన ప్రమాణాన్ని కొలవడానికి పుట్టిన కొలబద్ద, అది మార్కెట్ రేటు చేరుకోవాల్సిన గమ్యం కాదు.

మరి ఆ కరెన్సీ విలువ నిజంగా ఎలా పెరుగుతుంది? ఫ్యాక్టరీలో కార్మికుడు గంటకు 2 బదులు 4 సరుకులు చేయడం నేర్చాడనుకుందాం. కూలి 8 డాలర్లవుతుంది, క్షవరం 4 డాలర్లవుతుంది, బుట్ట 14 డాలర్లకు చేరుతుంది. ధరల స్థాయి 60 నుంచి 70 శాతానికి పెరిగింది. మారక రేటును రెండు దేశాల ధరలతో కలిపి చూస్తే వచ్చేది వాస్తవ మారక రేటు, అది బలపడటం అంటే ఇదే. ఇది రెండు దారుల్లో రావచ్చు. డాలరుకు 50 అన్న రేటును ప్రభుత్వం కట్టేసి ఉంచితే సరుకు 100 దగ్గరే ఉంటుంది, క్షవరం 200 అవుతుంది, బుట్ట 600 నుంచి 700కి వెళ్తుంది. పైకి అది 17 శాతం ద్రవ్యోల్బణంలా కనిపిస్తుంది. కేంద్ర బ్యాంకు బుట్టను 600 దగ్గరే నిలపాలనుకుంటే కరెన్సీ డాలరుకు సుమారు 43 దాకా బలపడాలి. దారి ఏదైనా చేరే చోటు ఒకటే. క్షవరంలో కూడా ఉత్పాదకత రెట్టింపై గంటకు నలుగురికి చేయగలిగితే మాత్రం ధరల స్థాయి కదలదు. దాన్ని కదిలించేది సరుకుల్లో, సేవల్లో ఉత్పాదకత పెరుగుదల మధ్య ఉన్న తేడా. అది కూడా అవతలి దేశంలోని తేడాతో పోల్చి చూడాలి.

ఈ రెండు దారులూ ఒకే దేశంలో చూడాలంటే జపాన్. 1949 నుంచి 1971 దాకా డాలరుకు 360 యెన్లు, మార్పు లేదు. ఆ కాలంలో ఉక్కు, ఓడలు, కార్లు, ఎలక్ట్రానిక్స్‌లో ఉత్పాదకత పరుగెత్తింది. 1960లలో జపాన్ టోకు ధరలు ఏడాదికి సుమారు ఒక శాతమే పెరిగితే, సేవలు కూడా కలిసిన వినియోగదారుల ధరలు 5 శాతం పైన పెరిగాయి. టోకు సూచీలో క్షవరం ఉండదు, వినియోగదారుల సూచీలో ఉంటుంది. ఆ రెండు సూచీల మధ్య ఎడమే మన బార్బర్ కథ. ఎగుమతులు దెబ్బతినలేదు కాబట్టి ఆ ద్రవ్యోల్బణం రోగం కాదు. తర్వాత రేటును వదిలేశారు. 1971 డిసెంబరులో 308, 1973 నుంచి మార్కెట్ రేటు, 1995 ఏప్రిల్‌లో కాసేపు 80 కన్నా కిందికి కూడా దిగింది.

కానీ జపాన్ కథ అక్కడితో ఆగలేదు, ఆగిందని చెబితే మోసం. 1995 నాటి రేటు ఉత్పాదకత మోయగలిగిన దానికన్నా బలంగా ఉంది. తర్వాత ధరలు, జీతాలు దశాబ్దాలపాటు దాదాపు కదల్లేదు. వడ్డీ రేట్ల తేడా తోడై 2024లో డాలరు 160 యెన్లు దాటింది. ఈ సూత్రం దశాబ్దాల మీద పనిచేస్తుంది, నెలల మీద కాదు. వచ్చే ఏడాది రేటు చెప్పమంటే అది చెప్పలేదు. ఆర్థికవేత్త చార్లెస్ ఎంగెల్ 1999లో అమెరికా వాస్తవ మారక రేటు ఊగిసలాటలను విడదీసి చూస్తే, వాటిలో దాదాపు అంతా సరిహద్దు దాటే సరుకుల ధరల్లోని తేడాల నుంచే వచ్చిందని తేలింది. ధనిక దేశాలను ధనిక దేశాలతో పోల్చేటప్పుడు బార్బర్ పాత్ర చిన్నది. పేద దేశాన్ని ధనిక దేశంతో పోల్చేటప్పుడే అది బలంగా కనిపిస్తుంది.

ఇంకో చిక్కుంది. సేవల ధరలు పెరగడం ఒక్కటే చూసి ఉత్పాదకత పెరిగిందనుకోకూడదు. యూరో వచ్చాక గ్రీస్, పోర్చుగల్, స్పెయిన్‌లలోకి చౌక అప్పులు పారాయి. ఇళ్లు, సేవలు, జీతాలు పెరిగాయి. ఫ్యాక్టరీ ఉత్పాదకత ఆ వేగంతో పెరగలేదు. లక్షణం ఒకటే అయినా జబ్బు వేరు. తేడా పట్టుకోవాలంటే ఎగుమతి పరిశ్రమల్లో ఒక్కో సరుకు మీద పడే కూలి ఖర్చు చూడాలి. కూలి రెట్టింపైనా ఉత్పత్తీ రెట్టింపైతే ఆ ఖర్చు కదలదు, మన లెక్కలో అది 2 డాలర్ల దగ్గరే ఉంది. అది ఎక్కుతూ, వాణిజ్య లోటు పెరుగుతూ ఉంటే అప్పు మీద వచ్చిన ఉబ్బు. చమురు దొరికిన దేశంలోనూ ధరలు ఇలాగే పెరుగుతాయి, ఫ్యాక్టరీలు మాత్రం కుంగిపోతాయి.

ఆరోగ్యకరమైన పెరుగుదలను జబ్బుగా చూస్తే ఏమవుతుందో లిథువేనియా చెబుతుంది. దాని అప్పటి కరెన్సీ లిటాస్ యూరోకు 3.4528 దగ్గర కట్టేసి ఉండేది, కాబట్టి ఎదుగుదల ధరల రూపంలోనే బయటపడాల్సి వచ్చేది. 2006లో యూరోలో చేరడానికి దరఖాస్తు పెట్టుకుంటే, ద్రవ్యోల్బణం 2.6 శాతం హద్దుకు బదులు 2.7 ఉందని తిప్పి పంపారు. ఆ ద్రవ్యోల్బణమంతా ఎదుగుదలదేనని నేననను, ఇంధన ధరలు, అప్పుల జోరు కూడా ఉన్నాయి. కానీ కరెన్సీని కట్టేసుకుని ధనిక పొరుగువారిని అందుకుంటున్న దేశాన్ని, అప్పటికే ఎదిగిన దేశాల ద్రవ్యోల్బణంతో కొలవడం ఈ లెక్కను మరిచిపోవడమే. యూరో కోసం 2015 దాకా ఆగాల్సి వచ్చింది.

గోష్ఠి నిర్వాహకులకు నా వేడుకోలు ఒకటే. వచ్చే సభల్లో రెండు దేశాల జీతాలు పోల్చే పట్టిక వేస్తే కొనుగోలు శక్తి రేటు వాడండి. విదేశీ అప్పు, దిగుమతి యంత్రం, విదేశీ చదువు ఫీజు లాంటి డాలర్లలో కట్టాల్సిన వాటికి మార్కెట్ రేటు వాడండి, అక్కడ కొనుగోలు శక్తి ఎవరికీ అక్కరకు రాదు. కరెన్సీ బలం గురించి మాట్లాడే వక్తను ఆ దేశపు ఎగుమతి ఫ్యాక్టరీలో గంటకు ఉత్పత్తి ఎంత పెరిగిందో, ఒక్కో సరుకు మీద కూలి ఖర్చు ఎటు కదిలిందో ముందు అడగండి. ఆ రెండు అంకెలు చెప్పాకే చప్పట్లు కొడదాం.